ఇంట్లోవాళ్ళు ఆసరానా, కాపలానా? పేపర్లు రెండు రకాలుగా చెప్తే సింథసిస్ ఎలా?

బరంపురం_నర్స్: సుగర్‌తో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళ అనుభవాల మీద సిస్టమాటిక్ రివ్యూ చేస్తున్నాను. అన్నీ ఇంటర్వ్యూ పేపర్లే. ఎక్కువ వాటిలో 'ఇంట్లోవాళ్ళే ఆసరా' అనే థీమ్ ఉంది, కొన్నింటిలో 'ఇంట్లోవాళ్ళు కాపలా కాస్తారు' అని. మెజారిటీ చూసి ఆసరా అని రాసేయమంటున్నారు మా గైడ్. రాసేయొచ్చా?

జయపురం_లెక్కలు: పేపర్ల అంకెల మధ్య తేడా చెప్పే I² ఎంతొచ్చింది? ఎక్కువుంటే రాండమ్ ఎఫెక్ట్స్ వాడండి.

బరంపురం_నర్స్: అన్నా, ఇందులో అంకెల్లేవు, మాటలే.

పర్లాకిమిడి_మాస్టారు: ఓట్లు లెక్కపెట్టకమ్మా. ఒక థీమ్ ఎన్ని పేపర్లలో వచ్చిందనేది వాళ్ళు ఎవర్ని కలిశారు, ఏమడిగారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నోబ్లిట్, హేర్ 1988లో ఇలాంటి మాటల అధ్యయనాల్ని కలిపి చదివే మెటా-ఎత్నోగ్రఫీ పద్ధతి రాసినప్పుడే, పొసగని అధ్యయనాలు ఎక్కడ ఢీకొంటున్నాయో చూడమన్నారు. థీమ్ పేర్లు పక్కనపెట్టు. ఒక కాలమ్‌లో రోగి మాట, ఇంకోదాంట్లో పరిశోధకుడి వ్యాఖ్య, మూడోదాంట్లో ఆ మాటన్నది ఎవరు, ఆ ఇంట్లో వండేదెవరు. 'మా ఆవిడ చక్కెర డబ్బా దాచేస్తుంది' లాంటి మాటని ఒకరు ఆసరా కింద, ఇంకొకరు కాపలా కింద వేసేస్తారు.

రాయగడ_పీహెచ్‌డీ: ముందు పేపర్ల నాణ్యత చూసే CASP చెక్‌లిస్ట్ వేసి తక్కువ స్కోరొచ్చిన పేపర్లు తీసేయండి, గొడవ పోతుంది.

పర్లాకిమిడి_మాస్టారు: CASP వెయ్యాల్సిందే. కానీ ఆ పది ప్రశ్నలు మార్కులెయ్యడానికి కాదు బాబూ. పేపరు ఉంచి, అది లేకుండా కూడా ఫైండింగ్ నిలుస్తుందో లేదో చూడాలి.

రాయగడ_పీహెచ్‌డీ: మా దగ్గర తీసేయమనే అంటారు సార్.

గుణుపురం_లక్ష్మి: మా అమ్మకి సుగర్. చోడి అంబలి తాగమంటే, 'మీరందరూ అన్నం తింటూ నాకిదా' అంటుంది. ఏం పెట్టాలో చెప్పండి.

బరంపురం_నర్స్: డైట్ సంగతి మీ డాక్టర్ని అడగండక్కా. మాస్టారూ, టేబుల్ వేశాను. ఆసరా అన్నవాళ్ళలో ఎక్కువమంది మగాళ్ళు. ఆడవాళ్ళు 'నా ఒక్కదానికి వేరేగా వండుకోలేను' అంటున్నారు. కానీ ఒక పేపర్లో కోడలు వండిపెట్టే అత్తలూ కాపలా అనే అన్నారు, మగాళ్ళలోనూ ఒకరిద్దరు.

పర్లాకిమిడి_మాస్టారు: ఆ అత్తల్ని వదలకు. తేడా ఆడా మగా కాదేమో, వంటింట్లో మాట ఎవరిదో చూడు. అలా రాస్తే అది నీ వ్యాఖ్యానం, ఏ పేపర్లోనూ ఉన్నది కాదు. అందుకే ప్రతి పేపరూ మళ్ళీ చదివి, అది ఎక్కడ తప్పవుతుందో వెతుకు. నువ్వన్న మగాళ్ళ దగ్గర మొదలెట్టు. వంట సంగతే లేని పేపర్లు ఎక్కువైతే ఫైండింగ్‌ని ఎంత నమ్మొచ్చో తేల్చే CERQualలో నమ్మకం తగ్గించాలి, ఆధారం చాలలేదని.

బరంపురం_నర్స్: రచయితలకి మెయిల్ పెట్టి వండేదెవరో అడగొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు: అడుగు. జవాబొస్తే పేపర్లో ఉన్నదానితో కలపకుండా విడిగా చూపించు.

రాయగడ_పీహెచ్‌డీ: పాత పేపర్లకి ఎవరూ జవాబివ్వరు లెండి.