స్లిమ్‌కి స్కిన్నీ పర్యాయపదమా, కాదా?

విజయనగరం నాన్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో 'స్లిమ్'కి పర్యాయపదం 'స్కిన్నీ' అని రాస్తే మార్కు ఇవ్వలేదు. డిక్షనరీలో రెండూ సన్నగా ఉండటమే కదా, తప్పెలా అవుతుంది?

ఆమదాలవలస శీను: తప్పు కాదండీ. అర్థం ఒకటే, తేడా అంతా అనేవాడి మనసులో ఉంటుంది. నచ్చినవాడైతే పొదుపరి, నచ్చనివాడైతే పిసినారి. 1948లో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ బీబీసీలో చెప్పింది ఇదే: నాది గట్టి పట్టు, నీది మొండితనం, వాడిది మూర్ఖత్వం. గుణం ఒకటే, పేరు మారింది.

పాత పంతులు: రసెల్ మాట నిజమే శీనుగారూ, కానీ అన్నిటికీ సరిపోదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఆటో ఎక్కకుండా ఊళ్లోకి బస్సు కోసం ఎండలో నిలబడే మనిషిని తీసుకోండి. డబ్బు మిగిలింది ఆయనకే, ఎండ తగిలిందీ ఆయనకే, కాబట్టి పొదుపరి అంటాం. అదే మనిషి జేబునిండా డబ్బుండి, మోకాళ్ల నొప్పులున్న తల్లిని కూడా అలాగే నిలబెడితే, ఆయనంటే ఎంత ఇష్టమున్నా పొదుపరి అనడానికి నోరు రాదు. ఖర్చు తగ్గించుకున్నది తను, కష్టపడింది ఆవిడ. ఆ సంగతి కూడా పిసినారి అనే మాటలోనే ఉంది, అది ఒట్టి కోపం కాదు. అందుకే 'పొదుపరే కానీ పిసినారి కాదు' అంటే వినేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

స్కిన్నీ అంటే ఉండాల్సినదానికన్నా సన్నం అని. ఎంత ఉండాలన్నది మాత్రం అనేవాళ్ల లెక్క, అక్కడ శీనుగారి మాట చాలావరకు నిజం. 'పెళ్లికూతురు స్లిమ్‌గా ఉంది' అన్నచోట స్కిన్నీ పెట్టి చదవండి, మెచ్చుకోలు కాస్తా వంక పెట్టినట్టయిపోతుంది. స్లెండర్ రాసుంటే ఏ గొడవా లేదు.

పలాస అమ్మ: మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. మధ్యవర్తి మా ఎదుట 'నాజూకైన పిల్ల' అన్నాడు, అవతలివాళ్ల దగ్గర 'కాస్త బక్క' అన్నాడట. అది చెవినపడ్డాక పిల్ల అద్దం ముందు నిలబడి చేతులు చూసుకుంటోంది. మీరు మార్కుల గురించి కొట్టుకుంటున్నారు!

ఆమదాలవలస శీను: అమ్మా, మా తమ్ముణ్ని ఇంటిల్లిపాదీ బక్కోడా అనే పిలుస్తాం, వాడు నవ్వుతూనే పలుకుతాడు. షాపుల్లో స్కిన్నీ జీన్స్ అని రాసి మరీ అమ్ముతున్నారు. చెడు ఆ పదంలోనే ఉంటే ఎవరు కొంటారు?

పాత పంతులు: అది ప్యాంటు తీరు, ఒంటికి అతుక్కునే రకమని. ఇంట్లోవాళ్ల పిలుపులో చనువుంది. అదే మాట మీ తమ్ముణ్ని కొత్తవాళ్లని అనమనండి, చూద్దాం.

విజయనగరం నాన్న: పేపర్లో వాక్యమేమీ ఇవ్వలేదండీ, ఒట్టి పదమే ఇచ్చారు.

పాత పంతులు: వాక్యం లేకుండా ఆ తేడా పిల్లాడు ఎలా పట్టుకుంటాడు? నేనైతే మార్కు ఇచ్చి పక్కన ఒక ముక్క రాసేవాణ్ని. వెళ్లి అడగండి.

పలాస అమ్మ: నేనైతే ఇవ్వను. ఆ తేడా ఆ వయసులోనే తెలియాలి.