గరిష్ఠ ఐడియల్ అంటే అన్నిటికన్నా పెద్దదనా?

సరళ: "ప్రతి గరిష్ఠ ఐడియలూ ప్రైమే, ప్రైమ్ మాత్రం గరిష్ఠం కానక్కర్లేదు" అని ఒక నోట్సులో చూశాను. గరిష్ఠం అంటే అన్నిటికన్నా పెద్దదనేగా? మరి Z లో 2Z, 3Z రెండూ గరిష్ఠమే అంటారేంటి? అలాగే Z[x] లో (x²+1) సంగతి ఎలా తేల్చాలి?

కిరణ్: x²+1 ని ఇక విడగొట్టలేం, కాబట్టి గరిష్ఠమే. దీనికింత చర్చ దేనికి?

మూర్తి: అది Q[x] లో నిజం కిరణ్, Z[x] లో కాదు. సరళగారూ, ఒక ఐడియల్‌కీ మొత్తం రింగుకీ మధ్య ఇంకో ఐడియల్ దూరే చోటు లేకపోతే చాలు, అది గరిష్ఠమే. అలాంటివి ఎన్నైనా ఉండొచ్చు. ఇక (x²+1) సంగతి కోషెంట్ తీసి చూడండి. x²+1 సున్నా అయిందంటే x కాస్తా i అయి కూర్చుంటుంది, మిగిలేది Z[i]. అక్కడ సున్నా కాని రెండిటిని గుణిస్తే సున్నా రాదు, అంటే డొమైన్, మన ఐడియల్ ప్రైమ్. కానీ 2 కి విలోమం కావాలంటే 1/2 ఉండాలి, Z[i] లో అది లేదు. ఫీల్డ్ కాదు గనక గరిష్ఠం కాదు. నమ్మకం కుదరకపోతే (2, x²+1) చూడండి, దీనికన్నా పెద్దదే, అయినా రింగంతా కాదు.

కిరణ్: అయితే 5 కలిపేస్తే సరి. 5 ప్రైమ్, x²+1 విడిపోదు, ఫీల్డ్ వచ్చి తీరాలి.

మూర్తి: రాదు. 5 సున్నా అయ్యాక 1 అన్నా −4 అన్నా ఒకటే, అప్పుడు x²+1 కాస్తా (x−2)(x+2) అవుతుంది. కోషెంట్‌లో ఈ రెండూ సున్నాలు కావు, లబ్ధం మాత్రం సున్నా. గరిష్ఠం మాట అటుంచి, (5, x²+1) ప్రైమ్ కూడా కాదు. అదే 3 తో చేయండి: 0, 1, 2 ల వర్గాలు 0, 1, 1, కాబట్టి −1 అంటే 2 ఏ వర్గమూ కాదు, x²+1 విడిపోదు, 9 మూలకాల ఫీల్డ్ వస్తుంది. విడిపోదు అనేముందు ఏ గుణకాల మీదో చూసుకోవాలి.

లక్ష్మి: మాకు పరీక్షలో Z/12Z ఇచ్చి ప్రైమ్ ఐడియళ్లే అడిగారు, గరిష్ఠమైనవి అడగలేదు. ప్రశ్న తప్పా?

మూర్తి: తప్పు కాదండీ, అక్కడ రెండూ ఒకటే. ప్రైమ్ ఐడియల్‌తో కోషెంట్ తీస్తే మూలకాలు లెక్కకు అందేన్నే ఉన్న డొమైన్ వస్తుంది. అలాంటి డొమైన్‌లో సున్నా కాని a తో అన్నిటినీ గుణిస్తే ఏ రెండు ఫలితాలూ కలవవు, అంటే 1 ఎక్కడో తగలక తప్పదు, a కి విలోమం దొరికినట్టే.

ప్రసాద్: నోట్సులోని మొదటి ముక్కకే నాకు అభ్యంతరం. 2Z అనే రింగులో 4Z గరిష్ఠమే, కానీ 2×2 అందులో ఉంది, 2 లేదు. ప్రైమ్ ఎలా అవుతుంది?

మూర్తి: 2Z లో 1 లేదు కదండీ. 1 లేనిదాన్ని నేను రింగనను.

ప్రసాద్: మీరు అనరు, అనేవాళ్లున్నారు. నోట్సులో ఆ షరతు రాశారా సరళగారూ?

సరళ: ఆ పేజీలో అయితే లేదండీ. ముందు పేజీలు చూసి చెప్తాను.