ప్యాకేజింగ్ స్టూడియోకి ప్రాంప్ట్ రైటర్ కవర్ లెటర్: ఏఐ అని ముందే చెప్పాలా?

గోదారి_కుర్రోడు
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, రెండేళ్లుగా ఫ్రీలాన్స్‌గా ప్రాంప్ట్‌లు రాసి ప్రోడక్ట్ ఇమేజ్‌లు చేస్తున్నా. హైదరాబాద్‌లో ఒక ప్యాకేజింగ్ స్టూడియోకి అప్లై చేస్తున్నా, పోస్ట్ పేరు విజువలైజర్, ఎక్కువగా ఫుడ్ ప్యాక్‌లే చేస్తారు. లెటర్‌లో మెయిన్ పేరా ఇది:

"12 ప్రోడక్ట్‌లకు స్టూడియో క్వాలిటీ షూట్స్ చేశాను. పచ్చళ్లు, కారప్పొడులు, నెయ్యి, హెయిర్ ఆయిల్. ప్రతి ఇమేజ్ ప్రింట్‌కి రెడీగా ఉంటుంది. పోర్ట్‌ఫోలియో లింక్ కింద ఉంది."

ఇవి ఏఐతో చేశానని లెటర్‌లోనే చెప్పాలా, ఇంటర్వ్యూలో చెప్తే సరిపోతుందా?

లక్ష్మీ_డిజైన్స్
లెటర్‌లో వద్దు తమ్ముడూ. ఫోటోషాప్ వాడానని ఎవరైనా లెటర్‌లో రాస్తారా? పని నచ్చితే పిలుస్తారు, అడిగితే అప్పుడు చెప్పు. ఏఐ అని చూడగానే పక్కన పడేసేవాళ్లు ఉన్నారు, నీ అంతట నువ్వే తలుపు వేసుకోకు.

ఫ్లాష్‌లైట్_ఫోటో
ముందు ఆ "షూట్స్" అనే మాట తీసెయ్. కెమెరా పట్టుకున్నావా? లైట్ పెట్టావా? గాజు సీసా మీద రిఫ్లెక్షన్ పోవడానికి రెండు గంటలు థర్మోకోల్ ముక్కలు జరుపుతూ కూర్చున్నావా? చెయ్యని పనికి ఆ పేరు పెట్టుకోకూడదు.

లక్ష్మీ_డిజైన్స్
మాటలో ఏముందండీ. 3డీ వాళ్లు కూడా "కెమెరా యాంగిల్" అంటారు, వాళ్ల దగ్గర కెమెరా ఉంటుందా?

ఫ్లాష్‌లైట్_ఫోటో
వాళ్లు రెండర్ అంటారు, షూట్ అనరు. నేను అడిగేది అదొక్కటే.

మధు_వైజాగ్
రెజ్యూమే ఒక్క పేజీ దాటనివ్వకండి. నాది మూడు పేజీలుందని రెండు చోట్ల చదవనే లేదు.

గోదారి_కుర్రోడు
అన్నా, రెజ్యూమే కాదు, నేను అడిగింది లెటర్ గురించి.

ప్రెస్_బాబాయ్
నేను విజయవాడలో ప్రీ-ప్రెస్‌లో ఇరవై ఏళ్ల నుంచి ఉన్నాను. షూట్ సంగతి తర్వాత, నన్ను ఆపింది "ప్రింట్‌కి రెడీ" అన్న మాట. లింక్ తెరిచి నీ గోంగూర పచ్చడి పౌచ్ డౌన్‌లోడ్ చేశాను. 1024 పిక్సెల్స్ వెడల్పు ఉంది. 300 డీపీఐలో అది తొమ్మిది సెంటీమీటర్లు కూడా రాదు. ఆ సైజు పౌచ్ ముందు వైపు 16 సెంటీమీటర్లు అనుకో, దాదాపు 1900 పిక్సెల్స్ కావాలి, అంచున కట్టింగ్‌కి వదిలేది వేరే. పెద్దది చేసే టూల్‌తో 2048 చెయ్యొచ్చు, కానీ అది లేని నూనె మెరుపుని, లేని ఆకు ఈనెని ఊహించి గీస్తుంది. స్క్రీన్ మీద బాగానే ఉంటుంది, ప్రూఫ్ తీస్తే ఆకులు ప్లాస్టిక్ లాగా కనిపిస్తాయి.

అంతకంటే పెద్దది లేబుల్. జూమ్ చేసి చూడు. "పచ్చడి"లో చ కింద ఒత్తు సగంలో ఆగిపోయింది, దాని పక్కన సున్నాలాంటిది ఒకటి ఊరికే ఉంది. వెజ్ గుర్తు అంటే ఆకుపచ్చ చదరం లోపల ఆకుపచ్చ చుక్క, నీ పౌచ్ మీద చదరమే లేదు, ఏదో ఆకు మరకలా ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్‌లో 14 అంకెలుండాలి, నీ దాంట్లో లెక్కపెడితే 11. ఫుడ్ ప్యాక్‌లు చేసే స్టూడియోలో ఇవి చూడటమే ఒకరి ఉద్యోగం. ఏఐ అని నువ్వు దాచినా ఆ ఒత్తు చెప్పేస్తుంది.

లక్ష్మీ_డిజైన్స్
బాబాయ్ గారూ, అది పోర్ట్‌ఫోలియో, ప్రెస్‌కి పంపే ఫైల్ కాదు కదా. కాన్సెప్ట్ ఇమేజ్‌లో లైసెన్స్ నంబర్ ఎవరు లెక్కపెడతారు?

ప్రెస్_బాబాయ్
అమ్మా, కాన్సెప్ట్ అని రాస్తే నేనూ లెక్కపెట్టను. "ప్రింట్‌కి రెడీ" అని రాశాడు కాబట్టి లెక్కపెట్టాను.

గోదారి_కుర్రోడు
ఒప్పుకుంటున్నా బాబాయ్. పౌచ్ నా మొదటి రోజుల్లోది. తర్వాత చేసిన ఐదింటిలో లేబుల్ ఖాళీగా వచ్చేలా ప్రాంప్ట్ రాసి, అసలు లేబుల్ ఇలస్ట్రేటర్‌లో చేసుకుని ఫోటోషాప్‌లో సీసా వంపుకి తగ్గట్టు వేశాను. మిడ్‌జర్నీలో ఇలా:

```
glass pickle jar, blank white label, softbox from left, plain background --ar 4:5
```

ఇవి చెప్తే "సగం పని చేత్తోనే చేశావు, ఇక ప్రాంప్ట్ రైటర్ ఎందుకు" అంటారేమోనని రాయలేదు.

ప్రెస్_బాబాయ్
అదే ముందు రాయాల్సింది నాయనా! పన్నెండు ఫినిష్డ్ బొమ్మలు ఎవరైనా పంపిస్తారు. ఆ సీసా ఒక్కటి తీసుకో. ప్రాంప్ట్ పెట్టు, మొదట వచ్చినవాటిలో పనికిరానివి రెండు పెట్టి ఎందుకు వద్దన్నావో ఒక్క లైన్ రాయి, అంటే మూత నీడ కుడికి పడింది సీసా నీడ ఎడమకి పడింది లాంటివి. తర్వాత ఖాళీ లేబుల్‌ది, చివర నువ్వు లేబుల్ వేసినది. నీ కన్ను ఏం పట్టుకుంటుందో వాళ్లకి తెలిసేది అక్కడే.

ఫ్లాష్‌లైట్_ఫోటో
ఇదంతా బాగానే ఉంది కానీ నేను అసలు ఇక్కడికి ఎందుకొచ్చానో చెప్తాను. నిరుడు ఒక స్వీట్ షాపుకి 40 ఫోటోలు తీశాను, సగం డబ్బులే ఇచ్చారు, మిగతాది రేపు మాపు అన్నారు. దసరాకి కొత్త డబ్బాలు వచ్చాయి, వాటి మీద బొమ్మలు నావి కావు, కానీ అదే లైట్, అదే ఇత్తడి ప్లేటు. ఆ ప్లేటు అంచున చిన్న సొట్ట ఉంటుంది, షూట్ రోజు నా చేతిలోంచే జారి పడింది. ఆ సొట్ట కూడా డబ్బా మీదకి వచ్చింది. నా ఫోటో ఏఐ లోపలికి వేసి కొత్త బొమ్మ తీశారు, అడిగితే ఇది మీ ఫోటో కాదు కదా అన్నారు.

ఇప్పుడు నువ్వు చెప్పు, నీ 7వ ఇమేజ్‌లో కారప్పొడి పక్కన ఉన్న రాతి రోలు ఎక్కడిది?

గోదారి_కుర్రోడు
నెట్‌లో దొరికిన ఫోటో అన్నా. ఇమేజ్ రిఫరెన్స్‌గా ఇచ్చాను. ఎవరు తీశారో చూసుకోలేదు.

ఫ్లాష్‌లైట్_ఫోటో
అదీ సంగతి. షూట్ అనే మాట దగ్గర ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు అర్థమైందా? ఎవడో తీశాడు, నువ్వు "చేశాను" అంటున్నావు.

లక్ష్మీ_డిజైన్స్
పిల్లాణ్ణి దొంగని చేస్తున్నారేంటండీ? మీ డబ్బులు ఎగ్గొట్టింది ఆ షాపువాళ్లు. రిఫరెన్స్ చూడకుండా పని చేసే డిజైనర్‌ని ఒక్కణ్ణి చూపించండి, నా మూడ్ బోర్డ్ అంతా వేరేవాళ్ల ఫోటోలే.

ప్రెస్_బాబాయ్
గోడ మీద అంటించుకుని చూడటం వేరు, ఫైల్‌గా లోపలికి వెయ్యడం వేరు లక్ష్మీ. మేము చేసే చాలా కాంట్రాక్టుల్లో ఆర్ట్‌వర్క్ మాదే అని క్లయింట్‌కి సంతకం పెట్టి ఇస్తాం. పౌచ్‌లకి గ్రావ్యూర్‌లో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కిస్తారు. ప్రింట్ అయ్యాక ఎవరైనా వచ్చి ఈ బొమ్మ నాది అంటే అవన్నీ మళ్లీ చెక్కించాలి, ఆ బిల్లు స్టూడియో నెత్తిన పడుతుంది. అందుకే ఏఐ వాడావా అన్నదానికంటే లోపలికి ఏం వేశావు అన్నది వాళ్లకి ముఖ్యం.

లక్ష్మీ_డిజైన్స్
సిలిండర్ల మాట ఒప్పుకుంటా. లెటర్‌లో రాస్తే పిలవరు అన్నదానికి మాత్రం నేను ఇంకా కట్టుబడే ఉన్నాను, నా దగ్గర పనిచేసిన ఇద్దరికి అదే జరిగింది.

గోదారి_కుర్రోడు
పిలవకపోయినా పర్లేదు అక్కా. పేరా ఇలా మార్చాను:

"ఈ ఇమేజ్‌లు ప్రాంప్ట్‌లతో చేసిన కాన్సెప్ట్‌లు, క్లయింట్ పని కాదు. లేబుళ్లు, తెలుగు అక్షరాలు నేను విడిగా చేసి వేసినవి. ఒక పచ్చడి సీసా మొదటి ప్రాంప్ట్ నుంచి చివరి ఫైల్ వరకు ఎలా వచ్చిందో, మధ్యలో ఏవి ఎందుకు తీసేశానో చూపించాను. రిఫరెన్స్‌గా వాడిన ఫోటోలన్నీ నావే. ప్రింట్ సైజుకి తేవాలంటే మీ రీటచింగ్ టీమ్‌తో కలిసి చెయ్యాలి."

పౌచ్ తీసేశాను, 7వది కూడా తీసేశాను. లేబుల్ చేత్తో వేసిన ఐదే ఉంచాను.

ఫ్లాష్‌లైట్_ఫోటో
ఆ టూల్ నేర్చుకున్నదే మాలాంటివాళ్ల ఫోటోల మీద. అది నీ లెటర్‌తో తీరేది కాదు, నేను దాన్ని ఒప్పుకోను కూడా. కానీ ఈ పేరాలో అబద్ధం లేదు.

గోదారి_కుర్రోడు
మా అమ్మమ్మ రోలు ఇంట్లోనే ఉంది అన్నా. రేపు కడిగి ఫోన్‌తో ఫోటో తీసి కారప్పొడిది దాంతోనే మళ్లీ చేస్తా.

ఫ్లాష్‌లైట్_ఫోటో
తడి ఆరనిచ్చి తియ్యి. కిటికీ పక్కన పెట్టు, ఫ్లాష్ వెయ్యకు, రాయి మీద గంట్లు కనపడవు.