ఎ, ఏ తేడా మా ఆయనకి ఎక్కట్లేదు. అచ్చుల దగ్గరే ఆగిపోయాం

నల్లబల్ల: ఎవరైనా కాస్త దారి చూపించండి. మా ఆయన విదేశీయుడు, తెలుగు చదవడం నేర్పమని తనే అడిగాడు. సాయంత్రం కూర్చుంటే ఇప్పటికి లేచాం. అ, ఆ బాగానే వచ్చాయి. ఎ, ఏ, ఐ దగ్గర మాత్రం మూడింటినీ కలిపి పిసికేస్తున్నాడు. ‘నెల’ చూపిస్తే ‘నీల’ అంటాడు, ‘నేల’ చూపిస్తే ‘నైల’ అంటాడు. నేను పలికి చూపిస్తే అచ్చం అలాగే అన్నానంటాడు! అచ్చుల మీద మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి, లెక్చర్లు వద్దు.

పాతపలక: యాప్‌తో వచ్చే చదువు కాదమ్మా ఇది. ముందు వర్ణమాల మొత్తం వరసగా కంఠతా పట్టించండి. అ నుంచి ఔ దాకా పదహారు, ఋ, ౠ, ఌ, ౡ తో సహా. ఈ రోజుల్లో ఋ ని ‘రు’ అని నేర్పేసి చేతులు దులుపుకుంటున్నారు. పునాది అక్కడే పోతోంది.

మితభాషి: ఆయన చిక్కు ఎ తో. ఌ తో కాదు.

చుక్కాని: నల్లబల్ల గారూ, మూడు విషయాలు చెప్పలేదు మీరు. ఆయన మాతృభాష ఏది? తప్పు వచ్చేది అక్షరం చూసి చదివినప్పుడా, మీరు పలికింది విని తిరిగి అన్నప్పుడా? అక్షరాల పక్కన ఏమైనా రాసిచ్చారా?

నల్లబల్ల: ఇంగ్లిష్ అండీ, ఇంకేముంటుంది. రెండుసార్లూ తప్పే. పక్కన ఇంగ్లిష్‌లో రాసిచ్చాను, అది అందరూ చేసేదే కదా. ఇదిగో:

```
ఇ = i     ఈ = ee
ఎ = e     ఏ = ae
ఐ = ai
```

మితభాషి: ఆ చార్ట్ చించెయ్యండి.

రాత్రిబడి: మా ఆవిడ జపనీస్. ఆమెకు హ్రస్వ దీర్ఘాలు అసలు సమస్యే కాలేదు, వాళ్ళ భాషలోనే ఆ తేడా ఉంది. మాకు చిక్కంతా ల, ర దగ్గర. ‘పాలు’ అడగబోయి ‘పారు’ అంటుంది. నేను చప్పట్లతో నేర్పాను. హ్రస్వానికి ఒక చప్పట, దీర్ఘానికి రెండు. మీరూ అదే చెయ్యండి, ఒక్క పూటలో వచ్చేస్తుంది.

చుక్కాని: చప్పట్లు మంచివే గానీ సగమే పనికొస్తాయి. జపనీస్ వాళ్ళ చెవికి నిడివి ముందే తెలుసు. ఇంగ్లిష్ చెవి నిడివి కన్నా ముందు నోటి ఆకారాన్ని పట్టుకుంటుంది. వాళ్ళ ‘బిట్’, ‘బీట్’ మనకి హ్రస్వ దీర్ఘాల్లా వినిపిస్తాయి, వాళ్ళకి అవి రెండు వేరే అచ్చులు. అందుకే ఉత్త నిడివి పెంచమంటే ఆయన శబ్దాన్నే మార్చేస్తారు.

ఇక నల్లబల్ల గారి చార్ట్. అది మనం చదవడానికి రాసుకున్నది. ఇంగ్లిష్ వాడి కంటికి మొదటి అక్షరం ‘ఐ’ లా కనబడుతుంది, ఎ పక్కన రాసింది ‘ఈ’ అవుతుంది, ఏ పక్కన రాసిన జంటని ఒక్కోసారి ఒక్కోలా చదువుతాడు. ‘నెల’ నీల అయింది అందుకే. ఆయన తెలుగక్షరం చదవట్లేదు, దాని పక్కన మీరు రాసింది చదువుతున్నారు.

ముందు చెవి సంగతి తేల్చుకోండి. ఒక కాగితం మీద ‘మెడ’, ‘మేడ’ పెద్దగా రాయండి. ఫోన్ తెరమీద చిన్న అక్షరాల్లో ఎత్వం, ఏత్వం తేడా కొత్త కంటికి ఆనదు. మీరు నోరు కనబడకుండా వెనక కూర్చుని, వరస లేకుండా పదిసార్లు ఏదో ఒకటి అనండి. ఆయన వేలు పెట్టి చూపిస్తే చాలు, పలకొద్దు. ఎనిమిది తొమ్మిది సరిగ్గా చూపిస్తే చెవి బాగున్నట్టే. అయిదారు దగ్గర ఆగితే ఊహించి చెబుతున్నట్టు, అప్పుడు ఇంకొన్నాళ్ళు వినడమే పని.

నల్లబల్ల: ఇప్పుడే చేశాం. తొమ్మిది కరెక్ట్! మరి ఉత్త ‘ఎ’ అనమంటే ‘ఎయ్’ అంటాడేం?

చుక్కాని: ఇంగ్లిష్‌లో మన ఎ కి దగ్గరి శబ్దం ఉంది, కానీ అది పదం చివర నిలబడదు, వెనక హల్లు ఉండాల్సిందే. ఒంటరిగా అనమంటే నోరు దానంతటదే ‘ఎయ్’ లోకి జారిపోతుంది. ఒ అంటే ‘ఒవ్’ అవుతుంది. కాబట్టి ఎ, ఒ లను విడిగా నేర్పకండి. ఎక్కు, ఎత్తు, ఎద్దు, ఒప్పు, ఒత్తు అని ద్విత్వం ఉన్న మాటల్లో నేర్పండి. హల్లు వచ్చి అచ్చుని ఆపేస్తుంది. ద్విత్వాన్ని తేల్చి ‘ఎతు’ అంటారు, ఈ వారానికి పోనివ్వండి.

ఏ, ఓ లకి అద్దం ముందు కూర్చోబెట్టండి. గడ్డం కింద వేలు పెట్టుకుని ‘ఏ’ అని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయమనండి. చివర్లో దవడ పైకి లేచిందంటే అది ఎయ్ అయినట్టు. ఓ కి పెదాలు చూడాలి, ఆఖర్న ఇంకా ముడుచుకుంటే ఓవ్ అయినట్టు. మొదట పెట్టిన నోరు చివరిదాకా కదలకూడదు.

పాతపలక: ఇంత తతంగం ఎందుకండీ? తెలుగులో అక్షరానికి ఒకే శబ్దం. రాసినట్టే చదువుతాం, చదివినట్టే రాస్తాం. అదే మన గొప్ప.

చుక్కాని: ‘మేక’ అనండి, ‘మేకు’ అనండి. రెండింట్లో ఏ ఒకటేనా? తర్వాత అ గానీ ఆ గానీ వస్తే ముందున్న ఏ కొంచెం తెరుచుకుంటుంది. మేడ, నేల కూడా అంతే. అందుకే చెవి పరీక్షకి మెడ, మేడ చాలు గానీ, నోటికి అలవాటు చెయ్యడానికి పేరు, నేను, మేము తీసుకోండి.

పాతపలక: అది యాస. పుస్తకంలో ఏ ఒకటే.

చుక్కాని: పుస్తకంలో అక్షరం ఒకటే, కాదన్నదెవరు? మీ గొంతు మీరే రికార్డ్ చేసుకుని వినండి.

రాత్రిబడి: నాకైతే రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.

చుక్కాని: సొంత భాష కదా, అలాగే వినిపిస్తాయి. నల్లబల్ల గారూ, ఇంకొక్కటి. అచ్చులన్నీ అయ్యాకే గుణింతం అని ఆగకండి. విడి ఎ, ఏ దాదాపుగా మాట మొదట్లోనే కనబడతాయి, మిగతాచోట్ల ఎత్వం, ఏత్వమే. ఎ నేర్పిన రోజునే నె, మె, పె రాయించండి. లేకపోతే అచ్చులు పదహారూ వచ్చినా ఒక్క వాక్యం కూడా చదవలేరు.

పాతపలక: చూశారా, మీరూ పదహారే అన్నారు.

మితభాషి: చిన్నయసూరి లెక్కలో తెలుగుకు మొత్తం వర్ణాలు 36. అందులో ఋ కూడా లేదు.

పాతపలక: సంస్కృతానికి ఆయనే 50 చెప్పాడు, అది చెప్పరేం? ‘ఋషి’ ఎలా రాస్తారు మరి?

మితభాషి: ఋ ఉంచుకోండి. ఌ కి ఒక్క మాట చెప్పండి.

పాతపలక: కౢప్తం.

మితభాషి: అందరూ క్లుప్తం అనే రాస్తున్నారు.

రాత్రిబడి: ఇంతకీ అం, అః అచ్చులా, ఉభయాక్షరాలా?

నల్లబల్ల: ఎద్దు, ఎత్తు వచ్చాయి. పేరు కూడా పరవాలేదు. ఓ ఇంకా ఓవ్ లాగే ఉంది, అద్దం చూసి నవ్వుతున్నాడు తప్ప పెదాలు ఆపట్లేదు. రేపు చూస్తాం. థాంక్స్ అండీ.

పాతపలక: ఉభయాక్షరాలే. దాని మీద విడిగా రాస్తాను.

కొత్తసభ్యుడు: మా కోడలికి కూడా ఇదే ఇబ్బంది. పైన ఇచ్చిన చార్ట్ చాలా సులువుగా ఉంది, మిగతా అక్షరాలకి కూడా ఎవరైనా పెట్టగలరా?