3 కోట్ల టర్మ్ లోనా, 30 శాతం వాటానా? అంబత్తూరు యూనిట్ విస్తరణపై సందేహం

అంబత్తూరు మెషినింగ్:
నమస్కారమండి. చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాకొక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. సీఎన్‌సీ మెషిన్ల మీద వాహనాల విడిభాగాలు చేసి ఇస్తాము. కొత్తగా నాలుగు మెషిన్లు వేయడానికి 4 కోట్లు కావాలి. మా దగ్గర 1 కోటి ఉంది. మిగిలిన 3 కోట్లను ఒక బ్యాంకు 11 శాతం వడ్డీకి, 5 ఏళ్ల గడువుకు ఇస్తానంటోంది. బెంగళూరులోని దూరపు బంధువు ఒకరు అదే మొత్తం పెట్టి 30 శాతం వాటా అడుగుతున్నారు. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు మాకు ఏటా 1.5 కోట్లు మిగులుతుంది. పన్ను లెక్కలో ఇప్పటి తరుగుదల 40 లక్షలు, క్యాష్ క్రెడిట్ వడ్డీ 20 లక్షలు, పన్ను రేటు 25.168 శాతం. సరుకులో మూడింట రెండు వంతులు ఒకే కస్టమర్‌కు వెళుతుంది. వడ్డీ మీద పన్ను కలిసివస్తుంది కనుక లోనే మేలని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?

రిటైర్డ్ బ్యాంకరు:
మీ అబ్బాయి మాటే సరైనది. 11 శాతం వడ్డీలో నాలుగో వంతు ప్రభుత్వమే భరించినట్టు కనుక మీకు పడేది 8.23 శాతమే. కొత్త మెషిన్లకు ఆర్డర్లు వచ్చి మిగులు 2.3 కోట్లు అయిందనుకోండి. ఆ ఏడాది బంధువుగారి 30 శాతం వాటాకు చేరే లాభం సుమారు 24.7 లక్షలు. లోనుకు మొదటి ఏడాది వడ్డీ 33 లక్షలు, పన్ను ఆదా పోను అదీ 24.7 లక్షలే. తేడా ఏమిటంటే వడ్డీ ఏటేటా తగ్గి ఐదేళ్లకు ముగుస్తుంది, వాటా మాత్రం మీ మనవల కాలం దాకా అలాగే ఉంటుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందండి?

టి.నగర్ ఆడిటర్:
బ్యాంకరుగారి లెక్కలో తప్పు లేదు, కానీ అది మంచి ఏడాది లెక్క. పన్ను కట్టవలసిన ఆదాయం ఉంటేనే వడ్డీ మీద పన్ను ఆదా అవుతుంది. 4 కోట్ల మెషిన్లకు 15 శాతం చొప్పున మొదటి ఏడాది తరుగుదలే 60 లక్షలు వస్తుంది. కొత్త ఆర్డర్లు రాక మిగులు 1.5 కోట్ల దగ్గరే ఆగితే, పాత తరుగుదల, కొత్త తరుగుదల, క్యాష్ క్రెడిట్ వడ్డీ పోను 30 లక్షలే మిగులుతుంది. 33 లక్షల వడ్డీలో అప్పుడు 30 లక్షలకే ఆ ఏడాది ఆదా దొరుకుతుంది. కస్టమర్ కోత పెట్టి మిగులు 1 కోటికి దిగితే, కొత్త వడ్డీ తీయకముందే 20 లక్షల నష్టం కనిపిస్తుంది కనుక ఆదా సున్నా. నష్టాన్ని తర్వాతి సంవత్సరాలకు తీసుకువెళ్లవచ్చు, కానీ వాయిదా కట్టవలసింది ఈ ఏడాదే కదా.

ఆ చెడ్డ ఏడాదిలో నగదు కూడా చూడండి. అసలు 60 లక్షలు, వడ్డీ 33 లక్షలు, క్యాష్ క్రెడిట్ వడ్డీ 20 లక్షలు కలిపి 1.13 కోట్లు కట్టాలి, చేతికి వచ్చేది 1 కోటి. 13 లక్షలు తక్కువ పడతాయి. అదే డబ్బు వాటాగా వచ్చి ఉంటే, అంతే చెడ్డ ఏడాదిలో 80 లక్షలు చేతిలో ఉండేవి. ఏటా సమాన అసలు కడితే ఐదేళ్లలో వడ్డీ మొత్తం 99 లక్షలు, అన్నీ మంచి ఏళ్లే అయినా పన్ను ఆదా మొత్తం సుమారు 25 లక్షలు, నేటి విలువలో 20 లక్షలకు మించదు. చిక్కుల్లో పడితే ఆర్డర్లు పోవడం, మెషిన్లను అయినకాడికి అమ్మడం వంటివన్నీ కలిపి మీకు 1.2 కోట్లు నష్టమని వేసుకుంటే, ఆ ముప్పు ఆరింట ఒక వంతు దాటిన క్షణాన ఆదా మొత్తం దానికే చెల్లు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. బ్యాంకు వడ్డీ నిజంగా కట్టినప్పుడే పన్నులో ఖర్చుగా ఒప్పుకుంటారు. 1961 చట్టంలో ఇది 43బి సెక్షన్. కట్టలేక ఆ వడ్డీని బ్యాంకు కొత్త రుణంగా మార్చితే, అది కట్టినట్టు కాదు.

గిండీ ఫోర్జింగ్:
ఆ 1.2 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయని అనుకునేవారికి నా అనుభవం చెబుతాను. నాకూ ఒకే పెద్ద కస్టమర్ ఉండేవారు, వారు రెండు నెలల పాటు ఆర్డరు సగానికి తగ్గించారు. వాయిదా తప్పి 30 రోజులు దాటగానే మా ఖాతా, బాకీ పడ్డ ఖాతాలను బ్యాంకు కనిపెట్టి చూసే ఎస్ఎంఏ-1 జాబితాలోకి ఎక్కింది. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుందని మేనేజర్ రోజూ ఫోను చేసేవారు. మాట ఎలా బయటికి పొక్కిందో తెలియదు, 45 రోజుల అరువు ఇచ్చే స్టీలు వ్యాపారి సరుకుతో లారీని పంపి, నేను డబ్బు పంపిన యూటీఆర్ నంబరు వాట్సాప్‌లో చూపించేదాకా గేటు బయటే నిలబెట్టాడు. కంపెనీ లిమిటెడ్ అయినా డైరెక్టర్‌గా నా సొంత పూచీ ఉంది, విల్లివాక్కంలోని ఇల్లు తనఖాలో ఉంది. చివరికి గట్టెక్కాము, కానీ ఆ స్టీలు వ్యాపారి నేటికీ అరువు ఇవ్వడు.

మాధవరం రైస్:
మాది భాగస్వామ్య సంస్థ. మా బావగారి మూలధనానికి 15 శాతం వడ్డీ ఇస్తున్నాము. అది కూడా లోను వడ్డీలాగే కలిసివస్తుందా?

టి.నగర్ ఆడిటర్:
అది వేరే ప్రశ్నండి. భాగస్వామికిచ్చే వడ్డీని ఒప్పందపత్రంలో రాసుకుని ఉంటే 12 శాతం వరకే ఖర్చుగా ఒప్పుకుంటారు, పైది ఒప్పుకోరు. అలా ఒప్పుకున్న వడ్డీ బావగారి చేతిలో ఆదాయమవుతుంది. వివరాలు విడిగా అడగండి.

అంబత్తూరు మెషినింగ్:
అయితే వాటాకే మొగ్గుచూపుదామని బంధువుగారి ముసాయిదా మళ్లీ చదివాను. ఐదేళ్ల తర్వాత ఆయన కోరితే, మేము ప్రమోటర్లం 18 శాతం చక్రవడ్డీ కలిపి ఆ వాటాను తిరిగి కొనాలని ఒక షరతు ఉంది. ఇది మామూలేనా?

టి.నగర్ ఆడిటర్:
అలాంటి షరతులు అడుగుతుంటారు, కానీ దాంతో ఆ వాటా పేరుకే వాటా అవుతుంది. 3 కోట్లు 18 శాతం చక్రవడ్డీతో ఐదేళ్లకు 6.86 కోట్లు అవుతాయి. వ్యాపారం బాగుంటే ఆయన వాటాదారుగా ఉండిపోతారు, బాగోకపోతే అప్పులవారిలా వచ్చి నిలబడతారు. పైగా ఆ 18 శాతానికి కంపెనీ పన్నులో ఒక్క రూపాయి ఖర్చుగా చూపలేదు. ఆ షరతు ఉన్నంతకాలం బ్యాంకు లోనే నయమని నేను కూడా అంటాను. ముందు దాన్ని తీసేయమనండి.

రిటైర్డ్ బ్యాంకరు:
చూశారా, చివరికి లోను దగ్గరికే వచ్చారు. నేను చెప్పకుండా వదిలింది ఒకటి ఉంది. మీ ఏటి మిగులు 1.5 కోట్లను కట్టవలసిన 1.13 కోట్లతో భాగిస్తే 1.33 వస్తుంది. నేను కుర్చీలో ఉన్నప్పుడు ఒకే కస్టమర్ మీద నడిచే యూనిట్‌కు ఇంత తక్కువ నిష్పత్తితో సంతకం పెట్టేవాణ్ణి కాదు. పెద్ద మారటోరియం అడగండి, ఏడేళ్ల గడువు అడగండి.

అంబత్తూరు మెషినింగ్:
షరతు తీసేయమని అడిగాను, పండగ వెళ్లాక చెబుతానన్నారు. అందాక వేరొకటి ఆలోచిస్తున్నాను: మా కోటికి తోడు 1 కోటి లోను తీసుకుని, ఇప్పటికి రెండు మెషిన్లే వేస్తే?

టి.నగర్ ఆడిటర్:
అది వేసి చూశాను. అసలు 20 లక్షలు, వడ్డీ 11 లక్షలే కనుక, అదే చెడ్డ ఏడాదిలో క్యాష్ క్రెడిట్ వడ్డీ కూడా పోను 49 లక్షలు చేతిలో మిగులుతాయి. కొత్త తరుగుదల 30 లక్షలే కాబట్టి ఆ 11 లక్షల వడ్డీలో 10 లక్షలకు అప్పుడు కూడా పన్ను ఆదా దొరుకుతుంది. మీ స్థాయికి అప్పు పరిమితి ఎక్కడుందో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. అయితే మీ కస్టమర్ నాలుగు మెషిన్ల సామర్థ్యం అడిగారా, రెండింటికే ఆర్డరు ఇస్తారా?

అంబత్తూరు మెషినింగ్:
నాలుగే అడిగారు. రెండంటే మిగతా పని వేరొకరికి ఇస్తారేమోనని భయంగా ఉంది. వారి కొనుగోలు విభాగంవారిని సోమవారం కలుస్తున్నాను, ఏమన్నారో ఇక్కడే రాస్తాను.