అప్‌డేట్: రాత్రి గల్లా లెక్క, నోట్ల కట్టల సంగతి

నేను అడిగింది: "మాది చిన్న కిరాణా కొట్టు, రాత్రి క్యాష్ లెక్కపెట్టడానికి ముప్పావుగంట పడుతోంది, మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదట్నుంచి, తొందరగా అయ్యే దారి ఉందా?"

మీరు చెప్పినట్టే పదేసి నోట్ల కట్టలు చేస్తున్నా, తొమ్మిది లెక్కపెట్టి పదోదాన్ని అడ్డంగా మడిచి చుట్టేయడం. ఇప్పుడు ఎవరు పిలిచినా పోయేది చేతిలో ఉన్న కట్టే, మిగతావి అలాగే ఉంటాయి. పావుగంటలో అయిపోతోంది.

కానీ నిన్న వంద తక్కువొచ్చింది. పొద్దున చిల్లర 3,000, క్యాష్ అమ్మకం 21,460, పాలాయనకి ఇచ్చింది 1,850 పోతే గల్లాలో 22,610 ఉండాలి, నాకేమో 22,510 వచ్చింది. తేడా సరిగ్గా వంద కాబట్టి ముందు వందల కట్టలే చూశా, నాలుగు కట్టలు, విడిగా ఆరు. నాలుగూ పక్కపక్కన పెట్టి వేలితో నొక్కితే ఒకటి కాస్త లావుగా తగిలింది, విప్పితే పదకొండు ఉన్నాయి! రెండు కొత్త నోట్లు అతుక్కుపోయాయి, నంబర్లు కూడా వరసవే. అప్పట్నుంచి కొత్త నోట్లని ముందు విసనకర్రలా విప్పి అప్పుడు లెక్కపెడుతున్నా.

ఈ లావు చూడ్డం అన్నీ ఒకేలా నలిగిన నోట్లైతేనే పనిచేస్తుంది, మా పది రూపాయల నోట్లు మెత్తబడి పొంగి ఉంటాయి, వాటిని రెండోసారి లెక్కపెట్టాల్సిందే.