నాన్నకి డిశ్చార్జి సమ్మరీ ఉత్తరంలో ఎలా రాసి చెప్పాలి?

నంద్యాల అమ్మాయి: మూడు గంటలుగా కాగితం పెట్టుకుని కూర్చున్నా, "నాన్నా" అన్న మాట దాటలేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. సమ్మరీని ఊళ్లో డీటీపీ షాపు అబ్బాయి చేత తెలుగులోకి మార్పించుకున్నారు, అది చదివినప్పటి నుంచి మంచం దిగట్లేదట. "ఎడమ జఠరిక వైఫల్యం, 40 శాతం" అని ఉంది, ఒక మాత్ర పక్కన "ప్రమాదంలో ఉన్నప్పుడు" అని ఉంది. ఆయన భయపడకుండా ఎలా రాయాలో చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు: డాక్టర్ని అడగండి.

తేటతెలుగు: తప్పు ఆ షాపు అబ్బాయిది కాదు. జఠరిక అంటే ఎవరికి తెలుసు? గుండె కింది గది అంటే సరిపోదా? సైన్సు పుస్తకాల్లో మొదలైన జబ్బు ఇది, వైఫల్యం అనే మాట చూస్తే పరీక్ష తప్పినట్టుంటుంది.

రిటైర్డ్ సిస్టర్: అసలు ఏం జరిగిందమ్మా? స్టెంటా, బైపాసా? ఇంగ్లీషు లైను ఉన్నదున్నట్టు పెట్టు.

నంద్యాల అమ్మాయి: అయ్యో, రాయలేదా! గుండెపోటు, ఒక స్టెంటు వేశారు, ఇంటికొచ్చి పది రోజులు. లైను ఇది: మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్, ఈఎఫ్ 40. ఆ మాత్ర ఐసోసార్బైడ్ 5, ఎస్ఎల్, ఎస్ఓఎస్.

శీనన్న: ఈఎఫ్ 40 అంటే గుండె అరవై శాతం పోయినట్టే. మా బావకీ అంతే ఉండేది, ఇప్పటికీ తిరుగుతున్నాడనుకోండి. నిజం దాచకండి.

రిటైర్డ్ సిస్టర్: దాచొద్దన్నది కరెక్టే శీనన్నా, లెక్కే తప్పు. ఎవరి గుండే లోపలున్న రక్తాన్ని మొత్తం బయటికి నెట్టదు. బాగున్న గుండె కూడా ఒక్కో కొట్టుకి వందలో 55, 65 మధ్య నెడుతుంది, మిగిలింది లోపలే ఉంటుంది. నలభైని వందతో కాదు, అరవైతో పోల్చాలి. తగ్గిన మాట నిజమే. కానీ గుండెపోటు వచ్చిన కొత్తలో దెబ్బతిన్న కండ కొంత మొద్దుబారి ఉంటుంది, మందులు వాడుతుంటే కొందరిలో కొన్ని వారాలకి పెరుగుతుంది, అందుకే మళ్లీ ఎకో తీస్తారు. పెరిగి తీరుతుందని మాత్రం రాయకు. కాగితంలో ఉన్నది డిస్‌ఫంక్షన్, అంటే పని మందగించడం. ఫెయిల్యూర్ అన్న మాటే లేదు. నాన్న ఏం చేస్తుంటారు?

నంద్యాల అమ్మాయి: రెండు గేదెలున్నాయండి.

రిటైర్డ్ సిస్టర్: ఇంకేం, ఇలా రాయి. "నాన్నా, పాలు పితికేటప్పుడు దూడకి కొంచెం వదులుతావు కదా, గుండె కూడా అంతే, ఉన్నదంతా పిండదు. ఇప్పుడు మామూలుగా కంటే తక్కువ పిండుతోంది, కొత్తగా దెబ్బ తగిలింది కాబట్టి." ఇక ఎస్ఓఎస్ అంటే ప్రమాదం కాదు, అవసరమైతేనే అని. ఛాతీలో నొప్పొస్తే కూర్చుని ఆ మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి. ఇది మాత్రం పెద్దక్షరాల్లో రాయి.

కొత్తపల్లి రైతు: తెలుగులోకి మార్చడానికి పేజీకి ఎంత తీసుకున్నారండీ? మా పొలం కాగితాలున్నాయి.

నంద్యాల అమ్మాయి: తెలీదండి. సిస్టర్ గారూ, ఇంకోటి. "రక్తం పలచబడే మాత్రలు" రెండున్నాయి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. అసలే నీరసం, రక్తం నీళ్లైపోతే ఎలా అని రెండ్రోజులుగా మానేశారట.

రిటైర్డ్ సిస్టర్: ఇదమ్మా ముందు చెప్పాల్సింది! ఆ మాత్రలకి రక్తం నీళ్లు కాదు, బలం తగ్గదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. కొత్త స్టెంటు మీద గడ్డకడితే దారి మూసుకుపోయి మళ్లీ గుండెపోటే. మామూలుగా రెండూ కలిపి ఏడాది దాకా వాడిస్తారు, డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. ఉత్తరం వెళ్లేదాకా ఆగకు, ఇప్పుడే ఫోన్ చెయ్యి. సమ్మరీలో ఆసుపత్రి నంబరుంటుంది, రెండ్రోజులు మానేశారని చెప్పి ఎలా మొదలుపెట్టాలో అడుగు. ఆయనంతట ఆయన డబుల్ వేసుకోకూడదు. నల్లగా విరేచనమైతే అదీ వెంటనే చెప్పాలి.

నంద్యాల అమ్మాయి: నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు, అందుకే ఉత్తరం. పక్కింటి పిన్నికి చేస్తున్నా.

శీనన్న: ఉత్తరంలో గుండెపోటు అన్న మాట వాడతారా? నేనైతే రాయను.

తేటతెలుగు: ఎందుకు రాయకూడదు? ఊరంతా అనేదే కదా. "గుండెకి చిన్న ఇబ్బంది" అని రాస్తే ఆయన రేపే గడ్డిమోపు ఎత్తుతాడు.

శీనన్న: మాటకే మనిషి కుంగిపోతాడండీ.

నంద్యాల అమ్మాయి: ఆసుపత్రిలో మాట్లాడా, వాళ్లు చెప్పినట్టే పిన్ని దగ్గరుండి వేయించింది. దూడ మాట రాశా. థాంక్స్ అందరికీ, గేదెల టైమైంది, ఇప్పుడు ఎవరు పితుకుతారో కనుక్కోవాలి.

తేటతెలుగు: స్టెంటుకి తెలుగేంటో ఎవరూ చెప్పలేదు.